రక్తకణం వయసు మారితే షుగర్ లెక్క మారుతుంది

గాజువాకలో టైలరింగ్ షాపు నడుపుకునే 41 ఏళ్ల మహిళ ఒకరున్నారని అనుకుందాం. కాలనీలో పెట్టిన హెల్త్ క్యాంపులో ఆమెకు 'మూడు నెలల షుగర్ టెస్ట్' చేశారు. రిపోర్టులో హెచ్‌బీఏ1సీ 6.6 అని వచ్చింది. 6.5 లేదా అంతకు మించితే డయాబెటిస్ అని అందరికీ తెలుసు కాబట్టి ఇంట్లో టెన్షన్ మొదలైంది. అన్నం తగ్గించారు, టీలో చక్కెర మానేశారు. వారం తర్వాత మహారాణిపేటలోని ఒక ల్యాబ్‌లో పరగడుపున షుగర్ చూపిస్తే 94, తిన్న రెండు గంటలకు చూపిస్తే 128. రెండూ మామూలు అంకెలే. ఏది నమ్మాలి?

ఇలాంటప్పుడు చాలామంది మొగ్గేది హెచ్‌బీఏ1సీ వైపే. పరగడుపు షుగర్ ఒక్క రోజుది, ఇది మూడు నెలలది అన్న తర్కం వినడానికి బాగానే ఉంటుంది. అయితే ఆ మూడు నెలల లెక్క ఒక షరతు మీద నిలబడి ఉంది. ఒంట్లో ఎర్ర రక్తకణాలు మామూలు వయసు దాకా బతుకుతూ ఉండాలి. ఈ షరతు తప్పితే మెషిన్ ఎంత మంచిదైనా అంకె తప్పుదారి పట్టిస్తుంది. ఆమె విషయంలో తప్పింది అదే.

ఎర్ర రక్తకణం ఎముక మజ్జలో పుట్టి రక్తంలోకి వచ్చాక దాదాపు 120 రోజులు తిరుగుతుంది. అన్ని రోజులూ అందులోని హిమోగ్లోబిన్ గ్లూకోజ్‌లో నానుతున్నట్టే. హిమోగ్లోబిన్‌లోని బీటా గొలుసు మొదట్లో ఉండే వాలిన్ అనే అమైనో ఆమ్లానికి గ్లూకోజ్ నెమ్మదిగా అతుక్కుంటుంది. ఒకసారి గట్టిగా అతుక్కుంటే ఆ కణం చనిపోయేదాకా వదలదు. అలా గ్లూకోజ్ అతుక్కున్న హిమోగ్లోబిన్ నూటికి ఎంత ఉందో చెప్పేదే హెచ్‌బీఏ1సీ. అందుకే నిన్న పుట్టిన కణంలో అది దాదాపు ఉండదు, నూరో రోజు కణంలో బాగా ఉంటుంది. సూదితో తీసిన రక్తంలో పసి కణాలూ ముసలి కణాలూ కలిసే ఉంటాయి. మెషిన్ వాటన్నిటి సగటు చెబుతుంది.

కాబట్టి ఆ అంకె రెండు విషయాల మీద ఆధారపడుతుంది. గ్లూకోజ్ ఎంత ఉంది, కణాలు సగటున ఎన్ని రోజులు అందులో ఉన్నాయి. ఆవకాయలో ముక్క ఎంత ఉప్పు పట్టిందన్నది జాడీలో వేసిన ఉప్పును బట్టే కాదు, వేసి ఎన్నాళ్లయిందన్నదాన్ని బట్టీ ఉంటుంది. రిపోర్టు చూసేవాళ్లు మొదటిదే చూస్తారు. రెండోది అందరిలోనూ ఒకటే అని అనుకుంటారు. చాలామంది విషయంలో ఆ అనుకోలు సరిపోతుంది కూడా.

ఇప్పుడు గాజువాక రిపోర్టుకు వద్దాం. హెచ్‌బీఏ1సీని సగటు గ్లూకోజ్‌గా మార్చడానికి వైద్యులు వాడే లెక్క ఒకటుంది. అంకెను 28.7తో గుణించి అందులోంచి 46.7 తీసేయాలి. 6.6కి ఇది దాదాపు 143 అవుతుంది. అంటే రాత్రీ పగలూ కలిపి ఆమె షుగర్ సగటున 143 ఉండాలి. పరగడుపున 94, తిన్న రెండు గంటలకు 128 ఉన్న మనిషికి మధ్యలో, గంట దగ్గర, ఇంకాస్త ఎక్కితే ఎక్కి ఉండొచ్చు. అయినా రోజు మొత్తం సగటు 143 దాకా వెళ్లడం కష్టం. రాత్రి నిద్రలో గడిచే ఏడెనిమిది గంటలు సగటును కిందికే లాగుతాయి. ఈ చిన్న గుణకారం చేసి చూస్తే చాలు, రెండు రిపోర్టుల్లో ఒకటి అబద్ధమని తేలిపోతుంది. ఏదన్నది తేలడానికి మూడో రిపోర్టు కావాలి.

ఆ మూడో రిపోర్టు మామూలు సీబీపీ. అందులో హిమోగ్లోబిన్ 8.4. కణాల సైజు చెప్పే ఎంసీవీ 68, అంటే కణాలు బాగా చిన్నవి. కణాల మధ్య సైజు తేడా చెప్పే ఆర్‌డీడబ్ల్యూ 19, అంటే ఒకటి ఒక సైజు, ఇంకొకటి ఇంకో సైజు. ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్ 6. పెద్దవాళ్లలో ఫెరిటిన్ 15 కంటే తగ్గితేనే ఐరన్ కొరత అంటారు, ఇక్కడ అందులో సగం కూడా లేదు. అడిగితే తెలిసింది, రెండేళ్లుగా నెలసరిలో రక్తస్రావం ఎక్కువ. మెట్లెక్కితే ఆయాసం వస్తే వయసు అనుకున్నారు. భోజనం అవగానే టీ తాగే అలవాటూ ఉంది, అది తిండిలోని ఐరన్ ఒంటికి పట్టకుండా అడ్డుపడుతుంది.

ఐరన్ లేకపోతే మజ్జలో కొత్త కణాల తయారీ మందగిస్తుంది. పిల్ల కణాలు తగ్గేసరికి రక్తంలో ఉన్నవాటిలో ముసలివాటి వాటా పెరుగుతుంది. పిల్లల పుట్టుకలు తగ్గిన ఊళ్లో జనం సగటు వయసు పెరిగినట్టే. గ్లూకోజ్ పెరగకపోయినా సగటు కణం ఎక్కువ రోజులు గ్లూకోజ్‌లో నానింది కాబట్టి అంకె పెరుగుతుంది. ఐరన్ కొరతలో గ్లూకోజ్ అతుక్కునే తీరు కూడా మారుతుందని ఇంకో వివరణ ఉంది. రెండిటిలో దేని వాటా ఎంతైనా చివరికి కనిపించేది ఒకటే, ఐరన్ కొరతలో హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. చాలామందిలో ఈ తేడా ఒక పాయింట్‌లో కొంత భాగమే. కొరత బాగా ముదిరినవాళ్లలో ఒక పాయింట్ దాకా, అరుదుగా అంతకు మించి కూడా పోవచ్చు. 9 చూపించినవాళ్లకు ఈ సాకు పనికిరాదు. 6 నుంచి 7 మధ్య ఉన్నవాళ్లకు మాత్రం ఈ తేడాయే డయాబెటిస్ ముద్ర పడడానికీ పడకపోవడానికీ మధ్య గీత.

ఆమెకు 75 గ్రాముల గ్లూకోజ్ నీళ్లు తాగించి పరీక్ష చేశారు. తాగకముందు 92, రెండు గంటలకు 132. రెండు గంటల అంకె 140 లోపు ఉంటే మామూలు, 200 లేదా అంతకు మించితే డయాబెటిస్, మధ్యలో ఉంటే ప్రీడయాబెటిస్. ఆమెకు షుగర్ లేదు. షుగర్ మందు రాయలేదు, ఐరన్ మాత్రలు రాశారు. రక్తస్రావానికి కారణం చూడమని గైనకాలజిస్టు దగ్గరికి పంపారు. నిజానికి ఆ క్యాంపు ఆమెలో కనిపెట్టాల్సిన జబ్బు ఇదే.

తర్వాత జరిగేది ఇంకా ఆసక్తిగా ఉంటుంది. ఐరన్ మొదలుపెట్టిన వారం పది రోజులకు మజ్జ మేలుకుని కొత్త కణాలను గుంపులుగా వదులుతుంది. వాటికి గ్లూకోజ్ రుచి ఇంకా తెలియదు. దాంతో సగటు వయసు ఒక్కసారిగా తగ్గి హెచ్‌బీఏ1సీ జారుతుంది, కొన్ని వారాల పాటు నిజం కంటే తక్కువ కూడా చూపించొచ్చు. ఈ మధ్యకాలంలో చేసిన టెస్టు దేనికీ పనికిరాదు. హిమోగ్లోబిన్ మామూలుకు వచ్చి నిలబడ్డాక ఇంకో మూడు నెలలు ఆగి చేయిస్తేనే ఆ అంకెకు మళ్లీ అర్థం వస్తుంది. ఆమె విషయంలో ఆ గడువు దాటాక వచ్చింది 5.6.

ఒకవేళ మొదటి రోజే ఐరన్‌తో పాటు మెట్‌ఫార్మిన్ కూడా రాసి ఉంటే? అంకె అప్పుడూ 6.6 నుంచి దిగేది. ఘనత అంతా మెట్‌ఫార్మిన్‌కే పోయేది. 'చూశారా, మందు పనిచేస్తోంది, ఆపొద్దు' అన్న మాటతో లేని జబ్బుకు ఏళ్ల తరబడి మాత్ర మింగాల్సి వచ్చేది. తప్పుడు అంకెతో మొదలైన వైద్యాన్ని తర్వాత వచ్చే అంకె కూడా సమర్థించడం ఇందులోని అసలు ప్రమాదం.

ఒక జాగ్రత్త చెప్పాలి. కణాలు చిన్నగా ఉన్నంత మాత్రాన ఐరన్ కొరతే అనుకోకూడదు. బీటా థలసీమియా అనే వంశపారంపర్య రక్తజబ్బు జన్యువును మోసే వాహకుల్లోనూ ఎంసీవీ తక్కువే ఉంటుంది, కానీ ఫెరిటిన్ బాగానే ఉంటుంది, కణాల సంఖ్య తగ్గదు. అలాంటివాళ్లకు నెలల తరబడి ఐరన్ పోసినా ప్రయోజనం ఉండదు. ఫెరిటిన్ చూడకుండా ముందుకు పోకూడదనేది ఇందుకే. జ్వరం, ఇన్‌ఫెక్షన్, వాపు లాంటివి ఉన్నప్పుడు ఫెరిటిన్ కూడా ఎక్కువ చూపిస్తుంది కాబట్టి అప్పుడు 30, 40 వచ్చినా నిల్వలు బాగున్నాయని వదిలేయడానికి లేదు.

కణం ముందే పోతే

ఐరన్ కొరత అంకెను పైకి నెడితే, కణాలు ముందే పగిలిపోయే జబ్బులు దాన్ని కిందికి లాగుతాయి. ఇది ఇంకా ప్రమాదం. మొదటి దాంట్లో లేని జబ్బుకు మందు, ఇక్కడ ఉన్న జబ్బుకు మందు లేకపోవడం.

స్థూలంగా ఒక లెక్క వేసుకోవచ్చు. మామూలుగా 120 రోజులు బతికే కణాలున్న మనిషికి సగటు గ్లూకోజ్ 183 ఉంటే హెచ్‌బీఏ1సీ 8 వస్తుంది. అదే గ్లూకోజ్‌తో కణాలు 80 రోజులకే పోతుంటే అతుక్కోవడానికి దొరికిన సమయం మూడింట రెండు వంతులే. అంకె కూడా దాదాపు ఆ వంతుకే, 5.3 దగ్గరికి పడిపోతుంది. అసలు శరీరంలో లెక్క ఇంత నున్నగా ఉండదు, కానీ దిశ ఇదే, పరిమాణం కూడా ఇంచుమించు ఇదే. అదుపులో లేని షుగర్ 'నార్మల్' అన్న ముద్రతో ఇంటికి వెళ్లిపోతుంది.

కణాలు ఎందుకు ముందే పోతాయి? పుట్టుకతో వచ్చే కారణాలున్నాయి, జీ6పీడీ ఎంజైమ్ లోపం అందులో ఒకటి. ఆ లోపం ఉన్నవాళ్లకు వైవాక్స్ మలేరియా తిరగబెట్టకుండా ఇచ్చే ప్రైమాక్విన్ పడితే కణాలు గబగబా పగులుతాయి. మందుల వల్ల వచ్చేవీ ఉన్నాయి. కుష్ఠు చికిత్సలో నెలల తరబడి వాడే డాప్సోన్ వీటిలో ఎక్కువ మోసం చేసేది. రక్తహీనత పైకి పెద్దగా కనిపించకపోయినా అది హెచ్‌బీఏ1సీని బాగా దించేస్తుంది. షుగర్ ఉన్న మనిషి డాప్సోన్ మొదలుపెట్టిన రెండు నెలలకు అంకె 8 నుంచి 6కి వస్తే సంతోషించే ముందు మందుల చీటీ చూడాలి. రక్తం ఎక్కించుకున్నవాళ్లలో కూడా అంకె పూర్తిగా వాళ్లది కాదు, కొంత దాతది. డయాలసిస్‌లో మజ్జ చేత కొత్త కణాలు చేయించే ఎరిత్రోపోయిటిన్ ఇంజెక్షన్లు తీసుకునేవాళ్లలో పిల్ల కణాలు ఎక్కువ కాబట్టి అక్కడా తక్కువే చూపిస్తుంది. గర్భిణుల్లోనూ అంతే.

హిమోగ్లోబినే వేరైతే

విశాఖలో ఈ సంగతి పుస్తకాల్లో చదువుకుని వదిలేసేది కాదు. పాడేరు, అరకు వైపు గిరిజన సమాజాల్లో హిమోగ్లోబిన్‌ను మార్చి ఎర్ర రక్తకణాలను కొడవలిలా వంచే సికిల్ సెల్ జన్యువు ఉంది. 2022లో ఆ ప్రాంతం అల్లూరి సీతారామరాజు జిల్లాగా విడిపోయినా పెద్ద వైద్యానికి ఘాట్ దిగి వచ్చేది ఈ నగరానికే. ఏజెన్సీ నుంచి వచ్చి ఇక్కడే ఉద్యోగాలు చేసుకుంటూ స్థిరపడ్డవాళ్లూ ఉన్నారు. వాళ్లకూ షుగర్ వస్తుంది, వాళ్లకూ ల్యాబ్‌లో రాసేది ఈ టెస్టే.

ఇక్కడ రెండు రకాల తప్పులను విడదీసి చూడాలి. రిపోర్టుల గురించి మాట్లాడేటప్పుడు చాలామంది వీటిని కలిపేస్తారు. మొదటిది మెషిన్ తప్పు. సికిల్ వంటి వేరే హిమోగ్లోబిన్ ఉంటే కొన్ని మెషిన్లు దాన్ని సరిగా గుర్తించలేక లెక్క తారుమారు చేస్తాయి. రెండోది శరీరం వల్ల వచ్చేది. మెషిన్ సరిగ్గానే కొలిచింది, కానీ కణం ముందే చనిపోతోంది. మొదటి తప్పును మంచి మెషిన్‌తో దిద్దుకోవచ్చు. రెండో తప్పును ఏ మెషినూ దిద్దలేదు. 'మా దగ్గర చేసే పద్ధతికి సికిల్ అడ్డు రాదు' అని ల్యాబ్‌వాళ్లు అంటే అది మొదటి తప్పు గురించి మాత్రమే నిజం.

తల్లిదండ్రుల్లో ఒకరి నుంచే సికిల్ జన్యువు వచ్చిన వాహకుల విషయం కొంత నయం. వాళ్ల రక్తంలో మామూలు హిమోగ్లోబినే ఎక్కువ, సికిల్ది నూటికి 35 నుంచి 40 దాకా. కణాలు దాదాపు మామూలుగానే బతుకుతాయి. హిమోగ్లోబిన్ రకాలను విడదీసి కొలిచే ఇప్పటి హెచ్‌పీఎల్‌సీ మెషిన్లు చాలావరకు సికిల్ భాగాన్ని పక్కన పెట్టి లెక్కిస్తాయి. అయినా పూర్తిగా తేడా లేదనలేం. 2017లో ఆఫ్రికన్ అమెరికన్ల మీద అచ్చయిన ఒక పెద్ద అధ్యయనంలో, ఒకే గ్లూకోజ్ ఉన్నప్పుడు వాహకుల అంకె మిగతావాళ్లకంటే దాదాపు 0.3 తక్కువ వచ్చింది. వాహకుడికి 6.3 వస్తే ప్రీడయాబెటిస్ అని ఊరుకోకుండా గ్లూకోజ్ పరీక్ష చేయించడం మంచిదని దీన్నిబట్టి చెప్పవచ్చు.

ఇద్దరి నుంచీ జన్యువు వచ్చినవాళ్ల సంగతి వేరు. వాళ్ల రక్తంలో మామూలు పెద్దల హిమోగ్లోబిన్ అసలు ఉండదు. హెచ్‌బీఏ1సీ అన్న పేరులోని 'ఏ' ఆ మామూలు హిమోగ్లోబిన్ పేరే. అది లేని మనిషికి ఆ టెస్టు అంకె ఇచ్చిందంటే అది ఇంకేదో కొలిచి ఆ పేరు పెట్టిందన్నమాట.

ఒక కేసు అనుకుందాం. పాడేరు దగ్గరి పల్లెలో పుట్టి పదిహేనేళ్లుగా విశాఖలో వాచ్‌మన్‌గా పనిచేస్తున్న 46 ఏళ్ల మనిషి. దాహం, రాత్రిళ్లు నాలుగైదుసార్లు మూత్రానికి లేవడం, బరువు తగ్గడం. ల్యాబ్ రిపోర్టులో హెచ్‌బీఏ1సీ 5.1. దాన్ని చూసి 'మీకు షుగర్ లేదు' అని చెప్పి పంపేశారు. రెండు నెలలకు కాలి మీద పుండు మానక మళ్లీ వచ్చాడు. ఈసారి నేరుగా షుగరే చూశారు. పరగడుపున 171, తిన్నాక 268.

లెక్క వేస్తే 5.1కి సగటు గ్లూకోజ్ 100. ఎదురుగా కనిపిస్తున్నవి 171, 268. ఇంత దూరాన్ని ల్యాబ్ పొరపాటు అని సర్దిచెప్పలేం. రక్తం చూస్తే హిమోగ్లోబిన్ 8.9, పిల్ల కణాలైన రెటిక్యులోసైట్లు 7 శాతం. మామూలుగా ఇవి ఒకటి రెండు శాతం ఉంటాయి. కణాలు పగిలినప్పుడు పెరిగే పరోక్ష బిలిరుబిన్ 2.4. కళ్లలో లేత పసుపు. కణాలు పగులుతున్నాయి, మజ్జ ఆదరాబాదరాగా కొత్తవి వదులుతోంది. గాజువాక మహిళలో ఉన్నదానికి ఇది పూర్తి తలకిందులు.

ఆధారం ఇంట్లోనే ఉంది. 2023 జూలైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్‌లో పరీక్షలు చేసేది 40 ఏళ్ల లోపువాళ్లకు. ఆయన వయసు దాటిపోయింది, ఆయనకు చేయలేదు. కాలేజీలో చదివే కూతురికి చేశారు, వాహకురాలని కార్డు ఇచ్చారు. అమ్మాయికి జన్యువు అమ్మ నుంచి వచ్చిందో నాన్న నుంచి వచ్చిందో ఎవరూ అడగలేదు. చిన్నప్పటి నుంచి చలికాలంలో ఎముకల్లో పోట్లు వస్తాయని ఆయన ఇప్పుడు చెప్పాడు. వాతనొప్పులు అనుకుని ఊరుకున్నారట.

హెచ్‌పీఎల్‌సీలో హిమోగ్లోబిన్ రకాలు విడదీసి చూశారు. ఈ పరీక్ష ఫలితం నిజానికి ఒక గ్రాఫ్. మామూలు మనిషిది చూస్తే కుడివైపు పెద్ద శిఖరం, మామూలు హిమోగ్లోబిన్‌ది, దానికి ముందు చిన్న గుట్టలా ఏ1సీ. ఆయన గ్రాఫ్‌లో ఆ పెద్ద శిఖరం ఉండాల్సిన చోట ఖాళీ. ఇంకాస్త పక్కన సికిల్ చోటులో ఒక ఎత్తయిన శిఖరం, ఎడమవైపు పసిపిల్లల్లో ఉండే హిమోగ్లోబిన్ ఎఫ్‌ది ఇంకొకటి. మన దేశంలో సికిల్ ఉన్నవాళ్లలో ఎఫ్ ఎక్కువగా ఉండడం, దానివల్ల జబ్బు కొంత మెత్తగా నడవడం తెలిసిన విషయమే. అందుకే 46 ఏళ్లు వచ్చేదాకా బయటపడలేదు. ఈ గ్రాఫ్ ల్యాబ్‌లోనే ఉండిపోయి రోగి చేతికి అంకె ఒక్కటే రావడం మామూలు. అనుమానం వచ్చినప్పుడు గ్రాఫ్ అడిగి తీసుకోవచ్చు.

మరి మొదటి ల్యాబ్‌కు 5.1 ఎలా వచ్చింది? అక్కడ వాడింది ఇమ్యునోఅస్సే. ఆ పద్ధతిలో వాడే యాంటీబాడీ బీటా గొలుసు మొదటి కొన్ని అమైనో ఆమ్లాలనూ వాటికి అతుక్కున్న గ్లూకోజ్‌నూ గుర్తుపడుతుంది. సికిల్ మార్పు ఆరో స్థానంలో ఉంటుంది. కాబట్టి సికిల్ హిమోగ్లోబిన్‌కు గ్లూకోజ్ అతుక్కున్నా కొన్ని కిట్లు దాన్ని ఏ1సీ అనే లెక్కపెడతాయి. ఎఫ్‌లో బీటా గొలుసే లేదు, కాబట్టి దాని మీద ఉన్న గ్లూకోజ్ లెక్కలోకి రాదు, కానీ మొత్తం హిమోగ్లోబిన్‌లో మాత్రం ఎఫ్ కలుస్తుంది. పైన తగ్గి కింద పెరిగితే భిన్నం చిన్నదవుతుంది. దానికి తోడు సికిల్ కణాలు కొన్ని వారాలకే పోతాయి. రెండు తప్పులూ ఒకే దిక్కుకు లాగాయి. హిమోగ్లోబిన్ రకంతో సంబంధం లేకుండా కొలిచే బోరోనేట్ పద్ధతిలో చేసినా మొదటి తప్పే పోయేది, రెండోది అలాగే ఉండేది.

దాని బదులు ఏది

షుగర్ ఉందా లేదా తేల్చడానికి బదులు వెతకాల్సిన పనే లేదు. పాత పద్ధతే ఉంది. ఎనిమిది గంటలు ఏమీ తినకుండా నరం నుంచి తీసిన రక్తంలో గ్లూకోజ్ 126 గానీ అంతకు మించి గానీ, లేదా 75 గ్రాములు తాగిన రెండు గంటలకు 200 గానీ అంతకు మించి గానీ ఉంటే డయాబెటిస్. లక్షణాలు స్పష్టంగా లేకపోతే ఇంకో పరీక్షతో ధ్రువపరచుకోవాలి. ఈ అంకెలకు కణం వయసుతో పని లేదు. ఒకే ఒక్క మెలిక, తీసిన రక్తం ట్యూబ్‌లో ఊరికే ఉంటే కణాలు గంటగంటకూ గ్లూకోజ్‌ను తినేస్తుంటాయి. దూరం నుంచి శాంపిల్ తెచ్చే క్యాంపుల్లో ఇది తక్కువ చూపించడానికి కారణం. ఫ్లోరైడ్ ఉన్న బూడిదరంగు మూత ట్యూబ్‌లో తీసి, వీలైనంత త్వరగా ప్లాస్మా వేరు చేయాలి.

ఇంట్లో గ్లూకోమీటర్‌తో చూసుకుంటే చాలదా అంటే, రక్తహీనత ఉన్నవాళ్లకు అందులోనూ చిక్కుంది. రక్తంలో కణాల వాటా తగ్గినప్పుడు చాలా రకాల స్ట్రిప్పులు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తాయి. స్ట్రిప్పు డబ్బాలోని కాగితం మీద ఎంత హెమటోక్రిట్ దాకా, అంటే కణాల వాటా ఎంత ఉన్నంతవరకు, పనిచేస్తుందో రాసి ఉంటుంది. హిమోగ్లోబిన్ 8, 9 ఉన్నవాళ్లు ఒకసారి అదే నిమిషంలో ల్యాబ్ రక్తమూ ఇచ్చి, రెండూ పోల్చి చూసుకున్నాకే మీటర్‌ను నమ్మాలి.

వైద్యం నడుస్తున్నప్పుడు అదుపు ఎలా ఉందో చూడడమే అసలు కష్టం. దీనికి విశాఖలో పెద్ద ల్యాబ్‌ల ద్వారా చేయించుకోదగ్గది ఫ్రక్టోసమిన్. ఇది హిమోగ్లోబిన్‌ను వదిలేసి రక్తంలోని ప్రొటీన్లకు, ముఖ్యంగా అల్బుమిన్‌కు, అతుక్కున్న గ్లూకోజ్‌ను కొలుస్తుంది. కణాల గొడవ ఇందులో లేదు. అల్బుమిన్ రెండు మూడు వారాల్లో మారిపోతుంది కాబట్టి ఇది చెప్పేది కూడా రెండు మూడు వారాల సంగతే. మూడు నెలలకోసారి కాకుండా నెలకోసారి చూడాల్సి వస్తుంది. మామూలు హద్దు దాదాపు 285 దాకా, ల్యాబ్‌ను బట్టి కాస్త మారుతుంది.

వాచ్‌మన్‌కు చేస్తే 390 వచ్చింది. దీన్ని హెచ్‌బీఏ1సీ భాషలోకి మార్చే ఒక స్థూల సూత్రముంది. 0.017తో గుణించి 1.61 కలపాలి. అలా చూస్తే 8.2. రిపోర్టులో ఉన్న 5.1కీ దీనికీ మధ్య తేడాయే ఆయన పోగొట్టుకున్న రెండు నెలలు. అయితే ఈ మార్పిడి ఒక అంచనా మాత్రమే, నెలనెలా ఫ్రక్టోసమిన్ అంకెనే ఫ్రక్టోసమిన్‌తో పోల్చుకోవడం మేలు.

ఫ్రక్టోసమిన్‌కూ దాని బలహీనత ఉంది. అల్బుమిన్ తగ్గిపోతే అదీ తగ్గుతుంది. కిడ్నీల నుంచి ప్రొటీన్ పోయేవాళ్లకు, లివర్ పాడైనవాళ్లకు, థైరాయిడ్ ఎక్కువగా ఉన్నవాళ్లకు దీన్ని నమ్మకూడదు. అందుకే దీంతో పాటు సీరమ్ అల్బుమిన్ కూడా చేయించాలి, 3 కంటే తక్కువ ఉంటే ఫ్రక్టోసమిన్‌ను పక్కన పెట్టాలి. వాచ్‌మన్‌కు 4.0 ఉంది, ఇబ్బంది లేదు. అల్బుమిన్‌లో గ్లూకోజ్ అతుక్కున్నది ఎంత శాతమో చెప్పే గ్లైకేటెడ్ అల్బుమిన్ టెస్టు ఇంకాస్త మెరుగు, కానీ అన్నిచోట్లా దొరకదు. 1,5-అన్‌హైడ్రోగ్లూసిటాల్ అని ఇంకొకటి ఉంది. డాపాగ్లిఫ్లోజిన్ లాంటి, మూత్రంలో షుగర్ పోయేలా చేసే మందులు వాడేవాళ్లలో అది అర్థం లేకుండా పోతుంది, వాటిని వాడేవాళ్లు ఇప్పుడు ఎక్కువ కాబట్టి దాన్ని ఇక్కడ వదిలేయవచ్చు.

ఖర్చు భరించగలిగితే అన్నిటికంటే మంచిది చేతికి అతికించే సెన్సర్. రెండు వారాలు నిమిషాల తేడాతో గ్లూకోజ్ చూస్తుంది, కణాలనూ ప్రొటీన్లనూ అడగదు. మూడు నెలలకోసారి రెండు వారాలు పెట్టుకున్నా సరిపోతుంది, ఏడాది పొడవునా అక్కర్లేదు. వాచ్‌మన్‌కు పెడితే 14 రోజుల సగటు 204 వచ్చింది. సెన్సర్ యాప్ దీన్ని జీఎంఐ అనే అంకెగా మారుస్తుంది, సగటును 0.02392తో గుణించి 3.31 కలిపితే వచ్చేది, ఇక్కడ 8.2. ఫ్రక్టోసమిన్ చెప్పిందీ అదే. రెండు వేర్వేరు దారులు ఒకే చోట కలిశాయి కాబట్టి ఇక అనుమానం లేదు.

సెన్సర్‌కు ఒక మినహాయింపు ఉంది, అది సరిగ్గా ఇలాంటివాళ్లకే తగులుతుంది. సికిల్ సెల్‌కు ఇచ్చే ప్రధాన మందు హైడ్రాక్సీయూరియా. అది వాడుతున్నప్పుడు కొన్ని కంపెనీల సెన్సర్లు గ్లూకోజ్‌ను నిజం కంటే బాగా ఎక్కువ చూపిస్తాయి. దాన్ని నమ్మి ఇన్సులిన్ పెంచితే షుగర్ పడిపోతుంది. వాచ్‌మన్‌కు సెన్సర్ పెట్టినప్పుడు ఆ మందు ఇంకా మొదలుపెట్టలేదు, కాబట్టి ఆ 204ను నమ్మవచ్చు. మొదలుపెట్టాక సెన్సర్ పెట్టాలంటే మాత్రం అది ఏ రకమో చూసుకోవాలి, లేదా ఫ్రక్టోసమిన్‌కూ ల్యాబ్ గ్లూకోజ్‌కూ తిరిగి రావాలి.

ఆయన ఫైల్ మొదటి పేజీ మీద ఎర్ర పెన్నుతో రెండు వాక్యాలు రాశారు. సికిల్ సెల్ జబ్బు ఉంది, హెచ్‌బీఏ1సీ చేయొద్దు. కింద నెలకోసారి ఫ్రక్టోసమిన్, అల్బుమిన్, పరగడుపు గ్లూకోజ్ అని. తర్వాతి వారం కూతురి కార్డుతో పాటు ఆయన తమ్ముడినీ తీసుకురమ్మన్నారు. ఆ తమ్ముడికీ పోయినేడు 'షుగర్ లేదు' అనే రిపోర్టు వచ్చింది, అంకె 4.8.